రద్దు చేయమని రాసిచ్చాక కూడా ఖాతాలోంచి డబ్బు కట్ అవుతోంది

ప్రశ్న: మా పాప కోసం పోయిన ఏడాది ఆగస్టులో ఒక ఆన్‌లైన్ పాఠాల యాప్ తీసుకున్నాం. నెలకు 1,499 రూపాయలు. ప్రతి నెలా 5న నా ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యేలా నెట్ బ్యాంకింగ్‌లో ఒప్పుకున్నాను. పాప వినడం మానేసిందని జనవరి 20న యాప్‌లో రద్దు చేశాను. ‘మీ సబ్‌స్క్రిప్షన్ రద్దయింది’ అని మెయిల్ కూడా వచ్చింది. అయినా ఫిబ్రవరి 5న, మార్చి 5న డబ్బు పోయింది. కంపెనీకి మెయిల్ పెడితే ‘పరిశీలిస్తున్నాం’ అనడమే తప్ప మరో మాట లేదు. యూపీఐ యాప్‌లో ఆటోపే వెతికితే ఏమీ కనపడలేదు. మార్చి 12న బ్యాంకుకి వెళ్లి, స్టేట్‌మెంట్‌లో ఆ లైన్ కింద పెన్నుతో గీత గీసి, ఇక మీదట ఈ కంపెనీకి డబ్బు వెళ్లకుండా ఆపమని రాసిచ్చాను. కౌంటర్‌లో ఆయన ‘ఇది కంపెనీ వాళ్లే ఆపాలమ్మా, మా చేతిలో లేదు’ అంటూనే కాగితం తీసుకుని నా కాపీ మీద స్టాంపు వేసిచ్చారు. ఏప్రిల్ 5న మళ్లీ కట్ అయింది. కోపం వచ్చి మే 5కి ముందు ఖాతాలో ఉన్నదంతా మావారి ఖాతాకి మార్చేశాను. ఆ రోజు డబ్బు పోలేదు గానీ, బ్యాలెన్స్ లేదని బ్యాంకు 295 రూపాయలు వేసింది. ఇప్పుడు కంపెనీ ఫోన్ చేసి డబ్బు బదులు రెండు నెలలు ఉచితంగా పాఠాలు ఇస్తామంటోంది. మావారేమో ఆ ఖాతానే మూసేయమంటున్నారు. మొత్తం 4,792 రూపాయలు. ఎవరిని అడగాలి? అసలు వస్తాయా?

జవాబు: వస్తాయి. కాకపోతే ఆ 4,792 రూపాయల్ని ఒకే మొత్తంగా చూడటం మానేయండి. అందులో రెండు వేరు వేరు బాకీలున్నాయి, బాకీ ఉన్నవాళ్లు కూడా వేరు. ఫిబ్రవరి, మార్చి నెలల 2,998 రూపాయలు మీకు ఇవ్వాల్సింది కంపెనీ. ఏప్రిల్ 1,499, మే నెలలో వేసిన 295 కలిపి 1,794 రూపాయలు ఇవ్వాల్సింది బ్యాంకు. ఈ రెంటినీ విడదీసే గీత మార్చి 12. ఆ రోజు మీరు తెచ్చుకున్న స్టాంపు కాగితం మీ దగ్గర లేకపోతే ఇదే ప్రశ్నకు నా జవాబు వేరేలా ఉండేది.

ఎందుకలా అంటే, మీరు ఆగస్టులో ఇచ్చిన అనుమతులు ఒకటి కాదు, రెండు. పాఠాలు కొంటానని కంపెనీకి ఇచ్చిన మాట ఒకటి. ఫలానా కంపెనీ అడిగితే నా ఖాతాలోంచి ఇంతవరకు ఇవ్వండని మీ బ్యాంకుకి ఇచ్చిన అనుమతి రెండోది. ఈ రెండోదాన్నే మ్యాండేట్ అంటారు. జనవరి 20న యాప్‌లో మీరు తెంపింది మొదటిదాన్ని మాత్రమే. దాన్ని చూసుకుని కంపెనీ తన వైపు నుంచి రెండోదాన్ని కూడా రద్దు చేయించాలి, కనీసం డబ్బు అడగడం ఆపాలి. వాళ్లు ఆ పని చేయలేదు. మీరు సబ్‌స్క్రిప్షన్ మానేసిన సంగతి బ్యాంకుకి తెలిసే దారి లేదు. 5వ తేదీన కంపెనీ తరఫు బ్యాంకు నుంచి అడుగుతున్న ఖాతాల జాబితా వస్తుంది, మీ పేరు మీద మ్యాండేట్ బతికే ఉంది కాబట్టి డబ్బు వెళ్లిపోతుంది. ఫిబ్రవరిలో, మార్చిలో బ్యాంకు తప్పు లేదనడానికి కారణం ఇదే.

యూపీఐ యాప్‌లో మీకేమీ కనపడకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. దానంతటదే కట్ అయ్యే ఏర్పాట్లు మన దగ్గర ప్రధానంగా మూడు రకాలు. యూపీఐ ఆటోపే అయితే ఏ యాప్‌లో పెట్టుకున్నామో అందులోకి వెళ్లి పిన్ కొట్టి మనమే రద్దు చేసుకోవచ్చు. కార్డు మీద పెట్టుకున్నదైతే కార్డు ఇచ్చిన బ్యాంకు సైట్‌లో రద్దు చేసుకోవాలి. మీరు నెట్ బ్యాంకింగ్‌లో ఒప్పుకున్నానని రాశారు కాబట్టి మీది మూడోది, బ్యాంకుల మధ్య ఇలాంటి నెలవారీ వసూళ్లు నడిపే నాచ్ అనే వ్యవస్థలోని మ్యాండేట్. స్టేట్‌మెంట్‌లో మీరు గీత గీసిన లైన్ మరోసారి చూడండి. దాని మొదట్లో `ACH` అనో `NACH` అనో ఉంటుంది. బ్రాంచిలో కొందరు ఇప్పటికీ దీన్ని పాత అలవాటు కొద్దీ ఈసీఎస్ అనే అంటారు. మీరు ఈసీఎస్ రద్దు చేయాలి అన్నా వాళ్లకి అర్థమవుతుంది. రకం తెలుసుకోవడం దేనికంటే, రకాన్ని బట్టి వర్తించే నియమం మారుతుంది. మీ విషయంలో ఆ నియమం మీకు బాగా అనుకూలంగా ఉంది.

2019 సెప్టెంబరు 20న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఏదైనా లావాదేవీ దెబ్బతింటే ఎన్ని రోజుల్లో సరిచేయాలి, ఆలస్యమైతే ఖాతాదారుకి ఎంత ఇవ్వాలి అన్నది అందులో పట్టికగా ఉంటుంది. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో తగ్గిపోవడం లాంటివాటికి అందరూ దాన్నే చూపిస్తారు. అదే పట్టికలో నాచ్ కింద ఒక వరుస ఉంది. అచ్చంగా మీ కథే. ఖాతాదారు తన బ్యాంకులో మ్యాండేట్‌ను వెనక్కి తీసుకున్నాక కూడా ఖాతాలో డబ్బు కట్ అయితే, ఆ డెబిట్‌కు ఖాతాదారు బ్యాంకే బాధ్యత వహించాలి, లావాదేవీ జరిగిన మర్నాటికల్లా పరిష్కరించాలి, అంతకు మించి ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. కౌంటర్‌లో ఆయన అన్న ‘మా చేతిలో లేదు’ అనే మాట ఈ వరుస ముందు నిలబడదు. మ్యాండేట్‌ను ఖాతాదారు తన బ్యాంకు దగ్గరే వెనక్కి తీసుకోవచ్చు కాబట్టే, ఆ తర్వాత కట్ అయితే బాధ్యత ఎవరిదో రిజర్వు బ్యాంకు రాసిపెట్టింది.

ఆయన మిమ్మల్ని మోసం చేశారని నేననుకోవడం లేదు. అప్పుల వాయిదాలకు ఇచ్చిన మ్యాండేట్లను రద్దు చేయమని వచ్చేవాళ్లను, ముందు అప్పిచ్చిన సంస్థతో మాట్లాడుకోండని పంపడం బ్రాంచిల్లో మామూలే. ఆ అలవాటుతోనే మీకూ అదే చెప్పి ఉంటారు.

ఇప్పుడు మీ మార్చి 12 కాగితాన్ని బ్యాంకు కళ్లతో ఒకసారి చూద్దాం. అందులో ఒక లోటుంది. ప్రతి మ్యాండేట్‌కు ఇరవై అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక నంబరు ఉంటుంది. తెర మీద `UMRN` అని కనిపిస్తుంది. మీరది రాసినట్టు లేదు. ‘మ్యాండేట్ రద్దు’ అన్న మాట కూడా వాడలేదు, డబ్బు వెళ్లకుండా ఆపండి అని మాత్రమే రాశారు. రేపు బ్యాంకు ‘మీ వినతి అసంపూర్ణంగా ఉంది’ అనే అవకాశం ఉంది. కానీ మీరు జత చేసిన స్టేట్‌మెంట్‌లో పెన్నుతో గీసిన గీత ఉంది. ఏ కంపెనీ, ఏ తేదీ, ఎంత మొత్తం అన్నది ఆ ఒక్క గీత చెబుతుంది. దాన్ని బట్టి మ్యాండేట్ ఏదో బ్యాంకు తన కంప్యూటర్‌లో నిమిషంలో తెలుసుకోగలదు. పైగా నంబరు కావాలని వాళ్లు మిమ్మల్ని అడగలేదు, కాగితం తిప్పి పంపలేదు, తీసుకుని స్టాంపు వేశారు. ఆ స్టాంపులో తేదీ చదవగలిగేలా ఉందో లేదో చూడండి. పక్కన సంతకమో పొడి అక్షరాలో ఉంటే ఇంకా మంచిది. సిరా వెలిసిపోకముందే ఈ రోజే ఫోటో తీసి, మీకు మీరే మెయిల్ చేసుకోండి.

మార్చి 12కీ ఏప్రిల్ 5కీ మధ్య ఇరవై నాలుగు రోజులున్నాయి. ఇదీ మీకు అనుకూలమే. మూడో తేదీన రాసిచ్చి అయిదున కట్ అయితే, రద్దు నమోదయ్యేలోపే జాబితా వచ్చేసిందని బ్యాంకు చెప్పుకోగలిగేది. మూడు వారాలు దాటాక ఆ మాట చెల్లదు.

ఇక మే నెలలో పడిన 295 రూపాయలు. దాన్ని మీరు నష్టం కిందే లెక్కేశారు గానీ, నాకైతే ఈ వ్యవహారంలో మీకు దొరికిన అతి మంచి సాక్ష్యం అదే. మ్యాండేట్ నిజంగా రద్దయి ఉంటే, మే 5న కంపెనీ అడిగినప్పుడు ‘మ్యాండేట్ రద్దయింది’ అనే కారణంతో వెనక్కి వెళ్లాలి. మీ ఖాతాలో డబ్బుందా లేదా అన్న ప్రశ్నే రాకూడదు. బ్యాంకు బ్యాలెన్స్ చూసింది, లేదని తిప్పింది, దానికి రుసుము వేసింది. అంటే మీరు రాసిచ్చి దాదాపు రెండు నెలలైనా మ్యాండేట్ బతికే ఉందని బ్యాంకు రికార్డే చెబుతోంది. ఆ లైన్ ఉన్న స్టేట్‌మెంట్ పేజీని తప్పకుండా జత చేయండి.

అలాగని ఖాతా ఖాళీ చేసే పద్ధతిని మళ్లీ వాడకండి. ఒకటి, అడిగిన ప్రతిసారీ ఆ రుసుము పడుతుంది. కొన్ని కంపెనీలు ఒకే నెలలో రెండోసారి కూడా అడుగుతాయి. రెండోది ఇంకా ముఖ్యం. చెక్కు బౌన్స్ కేసు అందరికీ తెలుసు గానీ, మ్యాండేట్ బౌన్స్‌కు కూడా అలాంటి సెక్షన్ ఉందని చాలామందికి తెలియదు. 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలో 25వ సెక్షన్ అది. చట్టబద్ధంగా చెల్లించాల్సిన బాకీ ఉంటేనే అది వర్తిస్తుంది. మీరు రద్దు చేసుకున్న పాఠాలకు బాకీ ఏమీ లేదు కాబట్టి భయపడాల్సిన పని లేదు. అయినా నోటీసులు పంపి బెదిరించడానికి ఎవరికీ సందు ఇవ్వకపోవడమే మంచిది.

చేయాల్సిన పనుల్లో మొదటిది, మ్యాండేట్ ప్రస్తుత స్థితి చూడటం. నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లి మ్యాండేట్లు అనో, ఈ-మ్యాండేట్ అనో, నాచ్ అనో ఉన్న చోట వెతకండి. బ్యాంకును బట్టి పేరు మారుతుంది. స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్ అనే చోట వెతికితే దొరకకపోవచ్చు. అక్కడ సాధారణంగా మీ అంతట మీరు పెట్టుకున్న బదిలీలు కనిపిస్తాయి. మ్యాండేట్ కనపడితే దాని నంబరు రాసుకుని, యాక్టివ్ అని చూపిస్తున్న తెరను ఫోటో తీసుకోండి. రద్దు చేశాక కాదు, చేయకముందే తీయండి. ఆ తర్వాత రద్దు నొక్కి, రద్దయినట్టు చూపే తెరను, వచ్చిన ఎస్సెమ్మెస్‌ను కూడా దాచండి. అదే కంపెనీ పేరుతో రెండో మ్యాండేట్ ఏదైనా ఉందేమో కూడా చూడండి. మధ్యలో ప్లాన్ మార్చుకున్నవాళ్లకు ఒక్కోసారి పాతదీ కొత్తదీ రెండూ ఉండిపోతాయి. ఆన్‌లైన్‌లో కనపడకపోతే బ్రాంచికే వెళ్లాలి.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త పడాలి. బ్రాంచిలో ‘స్టాప్ పేమెంట్ పెడతామండి’ అంటే ఒప్పుకోవద్దు. అది వచ్చే నెల ఒక్క వాయిదాను ఆపుతుంది, మ్యాండేట్ అలాగే ఉంటుంది. దానికి కొన్ని బ్యాంకులు రుసుము కూడా తీసుకుంటాయి. మీకు కావాల్సింది మ్యాండేట్ రద్దు. రెండోది, ఇప్పుడు మీరిచ్చే కొత్త కాగితంలో ‘దయచేసి నా మ్యాండేట్ రద్దు చేయగలరు’ అని రాశారనుకోండి. బ్యాంకు ఆ తేదీనే మీరు రద్దు కోరిన తేదీగా నమోదు చేసుకుంటుంది. ఏప్రిల్ 5 దానికి ముందుది అయిపోతుంది, మీ 1,499 జారిపోతుంది. అందుకే కొత్త కాగితంలో మీరేమీ కొత్తగా కోరడం లేదు, మార్చి 12న కోరినది అమలు కాలేదని ఫిర్యాదు చేస్తున్నారు. మాటల్లో ఆ తేడా కనపడాలి. నేనైతే మే 20వ తేదీ వేసి ఇలా రాస్తాను:

“బ్రాంచి మేనేజర్ గారికి. నా పొదుపు ఖాతా నుంచి ఫలానా కంపెనీకి ఉన్న నాచ్ మ్యాండేట్‌ను వెనక్కి తీసుకుంటూ మార్చి 12న మీ బ్రాంచిలో లిఖితపూర్వకంగా ఇచ్చాను. మీ స్టాంపు ఉన్న ప్రతి జత చేశాను. మ్యాండేట్ నంబరు ఇది. ఆ వినతి అమలు కాలేదు. ఏప్రిల్ 5న 1,499 రూపాయలు డెబిట్ అయ్యాయి. మే 5న అదే మ్యాండేట్ మళ్లీ వచ్చినప్పుడు రద్దయినదిగా తిప్పకుండా, బ్యాలెన్స్ లేదని 295 రూపాయలు రుసుము వేశారు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 సర్క్యులర్‌లో నాచ్ విభాగం ప్రకారం, మ్యాండేట్ వెనక్కి తీసుకున్నాక జరిగిన డెబిట్‌కు ఖాతాదారు బ్యాంకుదే బాధ్యత. 1,499 రూపాయలు డెబిట్ జరిగిన తేదీ విలువతో తిరిగి జమ చేయాలనీ, 295 రూపాయల రుసుము వాపసు చేయాలనీ, ఏప్రిల్ 7 నుంచి జమ చేసే రోజు వరకు రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలనీ కోరుతున్నాను. ఫిర్యాదు నంబరు ఇవ్వగలరు.”

నెట్ బ్యాంకింగ్‌లో మీరే రద్దు చేసి ఉంటే, ‘మీరు అమలు చేయనందువల్ల ఫలానా తేదీన నేనే ఆన్‌లైన్‌లో రద్దు చేసుకోవలసి వచ్చింది’ అని ఒక వాక్యం కలపండి. చేయలేకపోతే, ‘మార్చి 12 నాటి నా వినతిని వెంటనే అమలు చేయండి’ అని కలపండి. ఇదే పాఠాన్ని బ్యాంకు ఫిర్యాదుల మెయిల్‌కూ పంపండి. కాగితం బ్రాంచిలో ఏ ఫైలు కిందికి పోయినా మెయిల్‌కి నంబరు వస్తుంది.

పరిహారం సంగతి కాస్త విడమర్చి చెబుతాను, ఎందుకంటే అక్కడ బేరం జరుగుతుంది. డెబిట్ ఏప్రిల్ 5న, సరిచేయాల్సిన గడువు ఏప్రిల్ 6. ఆలస్యం 7వ తేదీ నుంచి మొదలు. ఏప్రిల్‌లో 24 రోజులు, మే 20 వరకు లెక్కిస్తే మరో 20, కలిపి 44 రోజులు. అంటే 4,400 రూపాయలు, బ్యాంకు మీకివ్వాల్సిన అసలు కంటే ఎక్కువ. ఈ పరిహారాన్ని ఖాతాదారు అడిగే వరకు ఆగకుండా బ్యాంకే తనంతట తాను ఇవ్వాలని ఆ సర్క్యులర్ చెబుతోంది. ఆచరణలో మాత్రం అడగనివాళ్లకు రావడం అరుదు. మొదటి విడతలో బ్యాంకు 1,499 జమ చేసి ఊరుకుంటుందనే అనుకోండి. అప్పుడు మీ ముందు రెండు దారులుంటాయి. వచ్చినదాంతో సరిపెట్టుకుంటే వ్యవహారం అక్కడితో ముగుస్తుంది, మనశ్శాంతి దక్కుతుంది. పరిహారం కూడా కావాలంటే మరో నెలా రెండు నెలలు ఓపిక పట్టి, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దాకా వెళ్లాలి. రెండూ తప్పు కాదు. మొదటిది ఎంచుకుంటే మాత్రం, ‘పూర్తి పరిష్కారంగా అంగీకరిస్తున్నాను’ అనే కాగితం మీద సంతకం పెట్టే ముందు 295 కూడా వచ్చిందో లేదో చూసుకోండి.

ఫిబ్రవరి, మార్చి డబ్బును కూడా ఇదే ఫిర్యాదులో కలిపేద్దామని మీకు అనిపించవచ్చు. చాలామంది చేసే పనే అది. దాని ఫలితం ఏమిటంటే, బ్యాంకు జవాబులో ఆ రెండు నెలలనే ముందు పెట్టుకుంటుంది. ‘ఆ తేదీల్లో మ్యాండేట్ చెల్లుబాటులో ఉంది, మీరే ఒప్పుకున్నారు, వివాదం ఉంటే కంపెనీతో తేల్చుకోండి’ అని రాసి, ఆ ఊపులోనే ఏప్రిల్‌నూ కొట్టేస్తుంది. మీ బలమైన మాటను బలహీనమైన మాటతో ముడేసి ఇచ్చినట్టవుతుంది. అలాగే ‘నాకు తెలియకుండా నా ఖాతాలోంచి తీశారు’ అని ఎక్కడా రాయకండి. అనధికార లావాదేవీలకు 2017 జులైలో వచ్చిన నియమాలు వేరే ఉన్నాయి. అవి ప్రధానంగా మోసాల కోసం. మీరు ఆ దారి పడితే బ్యాంకు ఆగస్టులో మీరు ఒప్పుకున్న రికార్డు తీసి చూపిస్తుంది. ఒప్పుకున్నారన్నది నిజం, తర్వాత వెనక్కి తీసుకున్నారన్నదీ నిజం. నిజమే మీకు ఎక్కువ ఉపయోగం.

కంపెనీ దగ్గర 2,998 రూపాయలకు మీ ఆయుధం జనవరి 20 మెయిల్. రద్దయిందని వాళ్లే రాశాక రెండు నెలలు డబ్బు తీసుకోవడానికి ఏ సమర్థనా లేదు. ఉచిత పాఠాల మాటకొస్తే, నేను మీ చోట ఉంటే తీసుకోను. పాప వినడం లేదన్నారు, కాబట్టి దాని విలువ మీకు సున్నా. అంతకంటే పెద్ద ఇబ్బంది, ఆ రెండు నెలలు మొదలుపెట్టాలంటే యాప్‌లో సబ్‌స్క్రిప్షన్ మళ్లీ తెరవాలి. తెరిస్తే జనవరి 20 నాటి రద్దు మెయిల్ విలువ పోతుంది, మూడో నెల నుంచి మళ్లీ డబ్బు అడిగే దారి వాళ్లకు దొరుకుతుంది. ఫోన్లో ఏమీ చెప్పకుండా, ‘ఉచిత పాఠాలు వద్దు, ఫిబ్రవరి 5, మార్చి 5 తేదీల్లో తీసుకున్న 2,998 రూపాయలు పదిహేను రోజుల్లో అదే ఖాతాకు వాపసు చేయండి’ అని మెయిల్ పెట్టండి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఇంత చిన్న మొత్తాలు చాలాసార్లు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఆ స్థాయి మొత్తానికి దాఖలు రుసుము లేదు, రెండేళ్ల వరకు గడువుంటుంది. కాకపోతే వాయిదాలకు తిరగాల్సి రావచ్చు. 2,998 రూపాయలకు అంత శ్రమ పడాలా అన్నది మీరే తేల్చుకోవాలి. ఏప్రిల్ డబ్బు కూడా కంపెనీయే వాపసు చేసిందనుకోండి, ఆ సంగతి బ్యాంకుకి చెప్పేయండి. ఒకే డబ్బు ఇద్దరి దగ్గరా తీసుకోకూడదు.

ఖాతా మూసేయడం గురించి మీవారు చెప్పింది కోపంలో వచ్చిన ఆలోచనలా ఉంది. మూసేస్తే కంపెనీకి డబ్బు వెళ్లదన్నది నిజమే. కానీ వాపసు వచ్చే డబ్బు ఎక్కడ జమ కావాలి? పైగా పాత స్టేట్‌మెంట్లు, మ్యాండేట్ తెర అన్నీ ఆ ఖాతా లాగిన్‌లోనే ఉన్నాయి. ఇదంతా తేలాక మూసుకోండి, అప్పటిదాకా ఉండనివ్వండి.

బ్యాంకుకి ముప్పై రోజులు గడువివ్వండి. ఆలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. `cms.rbi.org.in` లో ఫిర్యాదు నింపడానికి పైసా ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. సందేహాలుంటే 14448కి ఫోన్ చేయవచ్చు. ముందు బ్యాంకుకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండటం అక్కడ తప్పనిసరి. అందుకే ఫిర్యాదు నంబరు అడగమన్నాను. స్టాంపు కాగితం, ఏప్రిల్, మే స్టేట్‌మెంట్ పేజీలు, మ్యాండేట్ యాక్టివ్‌గా ఉన్న తెర ఫోటో, మీ మే నెల ఫిర్యాదు, బ్యాంకు జవాబు ఉంటే అది, ఇంతే జత చేయండి. కంపెనీ మీద ఫిర్యాదును అంబుడ్స్‌మన్ తీసుకోరు. అలాగే ఒకే విషయం మీద ఇక్కడా, వినియోగదారుల కమిషన్‌లోనూ ఒకేసారి నడపడం కుదరదు. మీరు మొదటే రెంటినీ విడదీస్తే ఆ చిక్కు రాదు. బ్యాంకు బాకీ అంబుడ్స్‌మన్ దగ్గర, కంపెనీ బాకీ వినియోగదారుల దారిలో, దేని మానాన అది నడుస్తుంది.

ఈ మధ్యలో ఎవరైనా ఫోన్ చేసి ‘మీ రిఫండ్ సిద్ధంగా ఉంది, ఈ లింకు తెరిచి ఓటీపీ చెప్పండి’ అంటే పెట్టేయండి. నిజంగా కంపెనీ వాళ్లే అయినా సరే. వాపసు ఇవ్వడానికి మీ ఓటీపీతో పని లేదు, వచ్చిన ఖాతాకే తిప్పి పంపగలరు. కొత్త మ్యాండేట్ నమోదు చేయాలంటే మాత్రం మీ నెట్ బ్యాంకింగో, డెబిట్ కార్డో, ఆధార్ ఓటీపీయో కావాలి. రద్దయిన మ్యాండేట్ దానంతటదే మళ్లీ లేచి రాదు. కొత్తది మీ చేతి మీదుగానే పుట్టాలి.

జూన్ 5 ఉదయం ఖాతాలో ఎప్పటిలాగే డబ్బు ఉంచి, ఒకసారి స్టేట్‌మెంట్ తెరిచి చూడండి. ఏమీ కట్ కాకపోతే రద్దు నిజంగా నమోదైనట్టే. కట్ అయితే ఆ రోజే మే నెల ఫిర్యాదు నంబరు కింద మెయిల్ పెట్టి, ఈ 1,499 కూడా కలపండి. దానికి రోజుల లెక్క జూన్ 7 నుంచి వేరుగా మొదలవుతుంది.